కొత్త కార్డు వచ్చింది, ప్రీమియం ఆగింది

ఖమ్మంలో ఉండే మా చిన్నమ్మ ఆగస్టు 6న బస్సులో పర్సు పోగొట్టుకుంది. అందులో మూడు వందల రూపాయలు, ఆధార్ జిరాక్సు, డెబిట్ కార్డు ఉన్నాయి. ఇంటికి రాగానే బ్యాంకు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించింది. వారం తిరిగేసరికి, 13వ తేదీన కొత్త కార్డు కొరియర్‌లో వచ్చేసింది. ఖాతాలోంచి ఒక్క రూపాయి కూడా పోలేదు. పీడ విరగడైందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

సెప్టెంబరు 6న నేను వాళ్లింటికి వెళ్తే, అప్పుడే ఎంట్రీలు వేయించుకొచ్చిన పాస్‌బుక్ నా చేతిలో పెట్టింది. "ఒరేయ్, పోయిన నెల హెల్త్ పాలసీ డబ్బులు కట్ అయినట్టు లేదేంట్రా? ఖాతాలో డబ్బులు ఉన్నాయిగా?" అంది. డబ్బులు బాగానే ఉన్నాయి. కానీ ప్రతి నెలా 25న పోవాల్సిన 2,860 రూపాయలు మాత్రం పోలేదు. నెలనెలా కట్టే ప్రీమియానికి గడువు దాటాక ఇచ్చే అదనపు వ్యవధి 15 రోజులు. ఆగస్టు 25 నుంచి లెక్కేస్తే సెప్టెంబరు 9తో అది అయిపోతుంది. చేతిలో ఉన్నది మూడు రోజులే.

చిన్నమ్మకు షుగర్ ఉంది. పాలసీ తీసుకున్నప్పటికే ఉన్న జబ్బులకు కొన్నాళ్లు ఆగాకే క్లెయిమ్ ఇస్తారు. ఆ నిరీక్షణ గరిష్ఠంగా మూడేళ్లు ఉండవచ్చు. ఆవిడ అందులో రెండేళ్లకు పైగా పూర్తి చేసింది. పాలసీ ల్యాప్స్ అయి కొత్తది తీసుకోవాల్సి వస్తే ఆ రెండేళ్లూ గాలికి పోయినట్టే, లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. పర్సులో పోయింది మూడు వందలు. దాని వెనకాల పోబోయింది ఇదీ.

బ్యాంకుకు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. "ఆ కార్డు హాట్‌లిస్ట్ అయిపోయింది సార్. దాని మీదున్న ఈ-మాండేట్లు కొత్త కార్డుకి రావు. మేడమ్ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి." ఒక్క ముక్కలో సంగతంతా ఇదే. కాకపోతే కార్డు బ్లాక్ చేసిన రోజున ఈ మాట ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట వెనకున్న ఏర్పాటు ఏమిటో తెలిస్తే, ఏది ఆగిపోతుందో ఏది ఆగదో ఎవరికి వారే చెప్పుకోగలరు.

కార్డు పోయిందని బ్లాక్ చేయిస్తే బ్యాంకు ఇచ్చే కొత్త కార్డుకు నంబరు మారిపోతుంది. చిన్నమ్మ పాత కార్డు ఫొటో ఫోన్‌లో ఉంటే, కొత్త దాన్ని పక్కన పెట్టి చూశాం. మొదటి ఆరు అంకెలూ అవే. అవి బ్యాంకునీ కార్డు రకాన్నీ తెలిపే అంకెలు. ఆ తర్వాతివి వేరు. ఎక్స్‌పైరీ తేదీ వేరు. వెనకవైపు సీవీవీ కూడా వేరే. నంబరునూ ఎక్స్‌పైరీనీ కలిపి బ్యాంకు తన రహస్య కీతో లెక్కగట్టి తీసేదే సీవీవీ కాబట్టి అవి మారితే ఇదీ మారుతుంది. కాలం తీరి మామూలుగా రెన్యువల్ అయ్యే కార్డుకు చాలాసార్లు నంబరు అదే ఉండి ఎక్స్‌పైరీ, సీవీవీ మాత్రమే మారతాయి. పోయిన కార్డు విషయంలో అలా కుదరదు. దొంగ చేతిలో ఉన్న నంబరును బతికించి ఉంచలేరు కదా.

ఖాతా మాత్రం అదే. చిన్నమ్మ తికమక పడింది ఇక్కడే. డబ్బు ఉన్నది ఖాతాలో, ఖాతా మారలేదు, మరి ఎందుకు ఆగింది? ఎందుకంటే బీమా కంపెనీకి ఆవిడ అనుమతి ఇచ్చింది ఖాతా మీద కాదు, కార్డు మీద. మొదటిసారి ప్రీమియం కట్టేటప్పుడు కార్డు వివరాలు కొట్టి, ఓటీపీ ఇచ్చి, "నెలనెలా ఇంత తీసుకోవచ్చు" అని ఒప్పుకుంది. దాన్నే ఈ-మాండేట్ అంటారు. అది ఆ కార్డుకు కట్టిన ముడి. కార్డు రద్దయితే ముడి ఊడిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన దేశంలో 2022 అక్టోబరు 1 నుంచి ఏ వ్యాపార సంస్థా మన కార్డు నంబరును తన దగ్గర దాచుకోకూడదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన అది. కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌ల దగ్గర తప్ప అసలు నంబరు ఇంకెక్కడా ఉండదు. వ్యాపార సంస్థ దగ్గర ఉండేది టోకెన్ అనే మారు నంబరు. గుర్తుపట్టడానికి కార్డు చివరి నాలుగు అంకెలు ఉంచుకోవచ్చు, అంతే. ఒక్కో సంస్థకు ఒక్కో టోకెన్. ఒక సంస్థ టోకెన్ దొంగలించినా ఇంకో చోట పనికిరాదు. మంచి రక్షణే. అయితే కార్డు మారినప్పుడు ఈ టోకెన్‌ను కొత్త కార్డుకు తగిలించాలంటే ఖాతాదారు స్పష్టంగా ఒప్పుకోవాలని, ఆ ఒప్పుకోలు బ్యాంకే అడిగి తీసుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2021లోనే చెప్పింది. ఆ అడగడం యాప్‌లో ఒక మూలన ఉండే పేజీగానో, పది ప్రకటనల మధ్య వచ్చే మెసేజ్‌గానో ఉంటే చిన్నమ్మ లాంటి వాళ్ల కంట పడదు. కొత్త కార్డు పెట్టి పంపే కవరులోనే "పాత కార్డు మీద మీకు ఫలానా ఫలానా చెల్లింపులు ఉండేవి, వాటిని మళ్లీ పెట్టుకోండి" అని ఒక కాగితం పెడితే బ్యాంకుకు అయ్యే ఖర్చు ఎంత? ఆ జాబితా బ్యాంకు దగ్గర ఉంటుంది. పెట్టాలనే నా అభిప్రాయం.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఈ గొడవ ఇంకోలా ఎదురవుతుంది. అక్కడ వీసాకీ మాస్టర్‌కార్డ్‌కీ కార్డు వివరాలను తాజా చేసే సేవలు ఉన్నాయి. బ్యాంకు కొత్త కార్డు ఇవ్వగానే కొత్త నంబరు, ఎక్స్‌పైరీ ఆ సేవలో చేరిన వ్యాపార సంస్థలకు వాటంతట అవే వెళ్తాయి. అందుకే డాలస్‌లో ఉండే మా బావమరిది కార్డు మార్చుకుంటే జిమ్ చందా ఆగిపోతుందని ఆశపడ్డాడు గానీ, అది కొత్త కార్డు మీద నిక్షేపంగా పడుతూనే ఉంది. అతనికి ఆగనిది బాధ, చిన్నమ్మకు ఆగింది బాధ. ఇక్కడి పద్ధతిలో మన అనుమతి లేకుండా ఎవరూ మన కొత్త కార్డును ముట్టుకోలేరు. నాకు ఇదే మేలనిపిస్తుంది. కానీ ఆ అనుమతి మళ్లీ ఇచ్చే భారం మన మీదే పడుతుంది.

సరే, ఆగిపోయింది. మరి పన్నెండు రోజులపాటు చిన్నమ్మకు తెలియకపోవడం ఏమిటి?

ఆలోచిస్తే, తెలిసే దారులన్నీ మూసుకుపోయి ఉన్నాయి. కార్డు మీద ఆటో డెబిట్ జరిగే ముందు, కనీసం 24 గంటల ముందుగా, బ్యాంకు మనకు మెసేజో మెయిలో పంపాలి. 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలవుతున్న నిబంధన ఇది. ఫలానా సంస్థకు ఫలానా తేదీన ఇంత పోతుంది, వద్దనుకుంటే ఆపుకోండి అని అందులో ఉంటుంది. చిన్నమ్మకు ప్రతి నెలా 23న ఆ మెసేజ్ వచ్చేది. ఆగస్టు 23న రాలేదు. ముడే ఊడిపోయాక ముందస్తు కబురు ఇంకెక్కడిది? రాని మెసేజ్‌ను గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే. డబ్బు కట్ అయితే ఫోన్ మోగుతుంది, కట్ కాకపోతే మోగదు.

బీమా కంపెనీ మెయిల్ పంపింది. కానీ అది పాలసీ చేయించిన ఏజెంటు అప్పట్లో ఇచ్చిన మెయిల్ ఐడీకి వెళ్లింది. చిన్నమ్మకు ఆ ఐడీ ఉందనే గుర్తులేదు. తీరా నేను తెరిచి చూస్తే, "మీ చెల్లింపు విఫలమైంది, ఖాతాలో సరిపడా డబ్బు ఉందో లేదో చూసుకోండి" అన్న ధోరణిలో ఉంది. ఈ మాట ఇంకా దారి తప్పిస్తుంది. చెల్లింపు తిరగ్గొట్టేటప్పుడు బ్యాంకు ఒక చిన్న కోడ్ పంపుతుంది. 51 అంటే డబ్బు చాలలేదు. 54 అంటే కార్డు గడువు తీరింది. 14 అంటే ఆ నంబరు చెల్లదు. 41 అంటే పోయిన కార్డు. డబ్బు చాలకపోతే రెండు రోజులాగి మళ్లీ ప్రయత్నించవచ్చు, ఫలితం ఉంటుంది. పోయిన కార్డు మీద వందసార్లు ప్రయత్నించినా అంతే. కానీ మన దాకా వచ్చేసరికి అన్నింటికీ ఒకే మాట, చెల్లింపు విఫలం. కోడ్ తెలియని మనిషి ఖాతాలో ఇంకో ఐదు వేలు వేసి కూర్చుంటాడు.

ఇంట్లో మిగతావి ఏమయ్యాయో కూడా చూశాం. ఓటీటీ చందా 11వ తేదీనే ఆగింది. టీవీ పెట్టగానే తెర నిండా రాసి చూపించింది కాబట్టి మా చెల్లెలు ఆ రాత్రే యూపీఐతో కట్టేసింది. సినిమా ఆగితే ఇల్లంతా గోల, బీమా ఆగితే చప్పుడు లేదు. ఫోన్‌లో ఫొటోలు దాచుకునే స్టోరేజీ చందా 19న ఆగింది. కొత్త ఫొటోలు ఎక్కడం లేదని ఫోన్ చెబుతూనే ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. మ్యూచువల్ ఫండ్ సిప్ మూడు వేలు మాత్రం 10వ తేదీన, అంటే పాత కార్డు బ్లాకై కొత్త కార్డు ఇంకా రాకముందే, ఎప్పట్లాగే కట్ అయింది.

సిప్ ఎందుకు ఆగలేదు? దానికి కూడా చిన్నమ్మ అప్పట్లో డెబిట్ కార్డు వివరాలే ఇచ్చింది. అయితే అక్కడ కార్డు పని వేరు. ఈ మనిషి ఈ ఖాతా యజమానే అని నిరూపించుకోవడానికి మాత్రమే కార్డు వాడారు. అసలు మాండేట్ నమోదైంది బ్యాంకు ఖాతా నంబరు మీద. దీన్ని ఈ-నాచ్ అంటారు. ఇంటి రుణం, బండి రుణం వాయిదాలు ఎక్కువగా ఈ దారినే వెళ్తాయి. కార్డు పది సార్లు మారినా దానికి పట్టదు. ఖాతాకు ముడిపెట్టిన యూపీఐ ఆటోపే కూడా అంతే. క్రెడిట్ కార్డును యూపీఐకి తగిలించుకుని ఆటోపే పెట్టుకున్నవాళ్లు మాత్రం కార్డు మారితే అది నడుస్తోందో లేదో చూసుకోవాలి.

కార్డు మారినప్పుడు మనకున్న చెల్లింపుల్లో ఏవి ఏ కోవలోవో తేల్చడానికి పాస్‌బుక్కే దారి. ఎంట్రీలో ACH అని ఉంటే అది నాచ్, ఖాతా మీదిది, దాని జోలికి పోనక్కర్లేదు. UPI అని ఉంటే అదీ ఖాతాదే. ఆ రెండూ లేకుండా, సంస్థ పేరుతో కార్డు కొనుగోలులా కనిపించేవే అనుమానించాల్సినవి. ఒక నెల ఎంట్రీలు చూస్తే చాలదు, పదమూడు నెలలవి తీయాలి. ఏడాదికోసారి పోయేవి అప్పుడే బయటపడతాయి. చిన్నమ్మ ఖాతాలో అలా దొరికింది ఒకటి. అల్లుడు పెట్టిచ్చిన యాంటీవైరస్, నవంబరులో 1,199 రూపాయలు. ఇక వద్దనుకుని వదిలేసింది. క్రెడిట్ కార్డు అయితే స్టేట్‌మెంట్లలో ఇదే పని చేయాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలో ఈ-మాండేట్ల జాబితా, టోకెన్ ఇచ్చిన సంస్థల జాబితా ఉంటాయి గానీ, కార్డు బ్లాక్ అయ్యాక కొన్ని యాప్‌లలో పాత కార్డుతో పాటు అవీ కనబడకుండా పోతాయి. కార్డు చేతిలో ఉండగానే ఒకసారి ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిది.

బ్యాంకు యాప్‌లోంచే కరెంటు బిల్లుకో ఫోను బిల్లుకో పెట్టుకున్న ఆటో చెల్లింపులు బ్యాంకు చేతిలో ఉండేవి కాబట్టి చాలావరకు నడుస్తాయి. అయినా ఒక్క మాట అడిగి తెలుసుకుంటే పోయేదేమీ లేదు.

ఆ రోజు మేం ముందు బీమానే పట్టుకున్నాం. ఆగితే ప్రాణం మీదికొచ్చేది ముందు, ఆగినా గడిచిపోయేది తర్వాత. వెళ్లగానే బకాయి కట్టేద్దామని కంపెనీ యాప్ తెరిచి కొత్త కార్డు వివరాలు కొట్టాం. ఓటీపీ పేజీ దాకా కూడా పోకుండా విఫలమని వచ్చింది. రెండోసారీ అంతే. చిన్నమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొత్త కార్డే చెడిపోయిందేమో అంది. కార్డుకు ఏమీ కాలేదు. 2020 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, మన దేశంలో కొత్తగా ఇచ్చే కార్డయినా మార్చి ఇచ్చే కార్డయినా ఏటీఎంలోనూ దుకాణంలో స్వైప్ మిషన్ మీదా మాత్రమే పనిచేసే స్థితిలో వస్తుంది. ఆన్‌లైన్ చెల్లింపులు, విదేశీ చెల్లింపులు ఆగి ఉంటాయి. మనమే బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో ఆన్ చేసుకోవాలి, పరిమితి పెట్టుకోవాలి. పాత కార్డుకు ఎప్పుడో ఆన్ చేశాం కాబట్టి ఆ సంగతే మరిచిపోతాం. కొన్ని విదేశీ సేవల చందా రూపాయల్లో కనబడినా లావాదేవీ బయటి దేశం నుంచి వస్తుంది, వాటికి అంతర్జాతీయ స్విచ్ కూడా కావాలి. మేం ఆన్‌లైన్ వాడకాన్ని ఆన్ చేసి, రోజు పరిమితి పది వేలు పెట్టి, మళ్లీ ప్రయత్నించాం. ఓటీపీ వచ్చింది, 2,860 కట్ అయింది, రసీదు వచ్చింది.

అక్కడితో పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. బకాయి కట్టడం వేరు, మాండేట్ పెట్టడం వేరు. మేం కట్టింది ఆగస్టు వాయిదా మాత్రమే. యాప్‌లో ఆటో పే విభాగానికి వెళ్తే అక్కడ ఇంకా పాత కార్డు చివరి నాలుగు అంకెలే కనబడుతున్నాయి, పక్కన యాక్టివ్ అని పచ్చటి గుర్తుతో సహా. కంపెనీ దృష్టిలో ఆ ముడి బతికే ఉంది, బ్యాంకు దృష్టిలో చచ్చిపోయింది. చెల్లింపు పద్ధతి మార్చే చోట కొత్త కార్డు ఇచ్చి, ఇంకో ఓటీపీ కొట్టి, కొత్త మాండేట్ నమోదు చేశాం. నమోదైనట్టు బ్యాంకు నుంచి వేరే మెసేజ్ వచ్చింది. ఈ రెండో మెసేజ్ వస్తేనే పని పూర్తయినట్టు. ఎక్కడైనా "రద్దు చేసి మళ్లీ చేరండి" అనే దారి కాకుండా "చెల్లింపు పద్ధతి మార్చండి" అనే దారి వెతకాలి. రద్దు చేస్తే పాత ధర పోవచ్చు, పాలసీల్లో అయితే అసలుకే మోసం.

మాండేట్‌లో ఒక్కో వాయిదా పరిమితి కూడా గమనించాలి. కార్డు మీద ఓటీపీ లేకుండా ఆటోమేటిగ్గా పోయేది మామూలుగా 15,000 రూపాయల వరకే. దాటితే ప్రతిసారీ ఓటీపీ కొట్టాలి. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లు, ఈ మూడింటికి మాత్రం 2023 డిసెంబరులో దాన్ని లక్ష రూపాయలకు పెంచారు. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవాళ్లకు పనికొచ్చే మార్పు ఇది.

ఆ సాయంత్రమే చిన్నమ్మ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. మీ చందా ఆగిపోయింది, ఈ లింకు నొక్కి కార్డు వివరాలు సరిచేయండి అని. ఏ చందానో రాయలేదు. కార్డు మార్చుకున్న మనిషికి అలాంటి మెసేజ్ నిజమేననిపిస్తుంది, ఎందుకంటే నిజంగానే నాలుగు చోట్ల ఆగి ఉంటాయి. మోసగాళ్లు వేలమందికి ఒకేసారి పంపుతారు, అందులో కార్డు మార్చుకున్నవాళ్లు కొందరు తగులుతారు. లింకు నొక్కవద్దని, ఏ సంస్థదైనా సరే ఆ సంస్థ యాప్‌ను మనమే తెరిచి లోపల చూసుకోవాలని చిన్నమ్మకు చెప్పాను. ఫోన్ చేసి "మీ మాండేట్ సరిచేస్తాం, ఓటీపీ చెప్పండి" అనేవాళ్లకు చెప్పేదేమీ ఉండకూడదు. మాండేట్ పెట్టడానికి ఓటీపీ కొట్టాల్సింది మనం, మన చేత్తో, మనం తెరిచిన తెర మీద.

మీ ఇంట్లో ఎవరి కార్డయినా ఈమధ్య మారి ఉంటే, వాళ్ల పాస్‌బుక్ పట్టుకుని ఒక అరగంట కూర్చోండి. పెద్దవాళ్లదైతే తప్పకుండా కూర్చోండి. బీమా పాలసీకి ఇచ్చిన ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ ఎవరివో అప్పుడే చూసి మార్పించండి.

చిన్నమ్మ తర్వాతి వాయిదా సెప్టెంబరు 25న. 23న పొద్దున్నే ఆవిడే ఫోన్ చేసింది. ఎల్లుండి 2,860 కట్ అవుతుందని మెసేజ్ వచ్చిందట, కొత్త కార్డు చివరి నాలుగు అంకెలతో.